అయిదు తెలుగు అంశాలు – ఆచార్యునికి ఒక ఈ-మెయిల్

విదేశీ ఆచార్యుని వద్ద పరిశోధన ఇంటర్న్‌షిప్ కోరుతూ ఈ-మెయిల్ వ్రాసే విద్యార్థులు పలువురు, చెప్పదలచినది ముందు తెలుగులో అంశాలుగా వ్రాసుకుంటారు. పద్ధతి మంచిదే. అయితే మనలో మనకు చెప్పకనే తెలిసే సంగతులు ఆ అంశాలలో ఉండవు. ఉన్నవి ఉన్నట్లు ఇంగ్లీషులోకి మార్చితే, లేఖలోనూ అవి లోపిస్తాయి.

జర్మనీలోని ఆఖెన్‌లో ఉక్కుపై పరిశోధించే ఆచార్యునికి వ్రాయదలచిన మెటలర్జీ మూడవ సంవత్సరం విద్యార్థిని అంశాలు ఇవి అనుకుందాం:

1. నాకు 8.4 వచ్చింది.
2. ఉక్కు చల్లార్చడంపై ప్రాజెక్టు చేశాం.
3. మీ పరిశోధన నచ్చింది.
4. వేసవిలో వస్తాను.
5. దయతో అవకాశం ఇప్పించండి.

మొదటిదానిలో కొలమానం లేదు. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 ఉత్తీర్ణతకు కనీసం, 5.0 అనుత్తీర్ణత. కావున ‘10కి 8.4’ అని వ్రాయాలి.

అన్నిటికంటె చిక్కైనది రెండవది. ‘చేశాం’ అనే క్రియలో నలుగురు విద్యార్థులూ ఇమిడిపోయారు. దానిని ‘మేము చేశాము’ అంటే ఆమె పని ఏదో తెలియదు. ‘నేను చేశాను’ అంటే అసత్యమవుతుంది. కొలిమి పని ఇతరులు చూశారు. ముక్కలను మెరుగుపెట్టి కాఠిన్యం కొలిచినది ఆమె. ఆచార్యుడు కొలిమి గురించి నాలుగు ప్రశ్నలు అడిగితే ఆ తేడా బయటపడక తప్పదు.

‘నచ్చింది’ అనే మాట ఏ ఆచార్యునికైనా వర్తిస్తుంది. ఆయన వ్యాసం ఒకటి చదివి, తన ప్రయోగంలో ఎదురైన సందేహాన్ని దానితో ముడిపెట్టాలి.

‘వేసవి’ మనకు ఏప్రిల్, మే; వారికి జూన్ మొదలు ఆగస్టు. ఆగస్టులో అక్కడ సెలవుపై వెళ్ళేవారు ఎక్కువ. అందువలన మాసాన్ని అక్షరాలలో వ్రాస్తూ తేదీలివ్వాలి.

చివరి అంశంలో ప్రార్థన ఉన్నది గాని ప్రశ్న లేదు. అవునని గాని, కాదని గాని జవాబివ్వదగిన ప్రశ్న ఉండాలి.

ఇంగ్లీషులో వ్రాయవలసిన లేఖ భావం ఇట్లుంటుంది:

“నేను మెటలర్జీ మూడవ సంవత్సరం విద్యార్థినిని, సగటు 10కి 8.4. నలుగురం కలిసి 0.4 శాతం కార్బన్ ఉక్కు ముక్కలు 12ను 850 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, ఆరింటిని నీటిలో, ఆరింటిని నూనెలో చల్లార్చాము. ముక్కలను మెరుగుపెట్టి కాఠిన్యం కొలవడం నా వంతు. నీటిలో చల్లార్చిన రెండింటిలో మూలల వద్ద పగుళ్ళు కనిపించాయి. చల్లారే వేగానికీ పగుళ్ళకూ గల సంబంధంపై మీ వ్యాసం చదివాను. మూలను గుండ్రం చేస్తే పగులు ఎంతవరకు తగ్గుతుందో పరిశీలించాలని ఉన్నది. మే 12 నుండి జూలై 18 వరకు, పది వారాలు, మీ ప్రయోగశాలలో ఈ పనికి వీలున్నదా? నా వివరాల పత్రం జతపరచాను.”

తెలుగు అంశాలు అయిదూ ఇందులో ఉన్నాయి. అదనంగా చేరినవి కొలమానం, కర్త, సందేహం, తేదీలు, ప్రశ్న మాత్రమే.