డబ్బుకు పూచీ ఎవరు? కోటిలింగాల నాణెం నుంచి ఆదిలాబాద్ పంట రుణం దాకా

బ్యాంకు, గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు డబ్బు కథను ఒక వరుసలో బట్టీ పడతారు: వస్తుమార్పిడి, గవ్వలు, నాణేలు, నోట్లు, బ్యాంకు పరపతి. వరుస గుర్తుంటుంది గానీ ఒక దశ పోయి ఇంకోటి ఎందుకొచ్చిందంటే చాలామంది ఆగిపోతారు. ప్రతి దశలోనూ 'దీనికి పూచీ ఎవరు?' అని అడిగి చూడండి. జవాబులు ఉత్తర తెలంగాణలోనే దొరుకుతాయి.

మన ఊళ్లలో కమ్మరి, వడ్రంగి, చాకలి ఏడాదంతా పనిచేస్తే రైతు పంట నూర్చాక కల్లంలో 'మేర' కొలిచి ఇచ్చేవాడు. చూడ్డానికి ఇది వస్తుమార్పిడే. కానీ పని ముందు, వడ్లు తర్వాత. అంటే ఇది అప్పు కూడా. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు కాబట్టి మాటే పూచీ. తెలియనివాడితో బేరం చేయాలంటే మాట చాలదు, చేతిలో పెట్టే వస్తువు కావాలి. మాల్దీవుల నుంచి వచ్చిన గవ్వలు బెంగాల్‌లో 19వ శతాబ్దం మొదటి దాకా అలా చెల్లాయి. 'చిల్లిగవ్వ లేదు' అనే మన మాటలో ఆ రోజులు ఇంకా ఉన్నాయి.

గవ్వలు చిన్న బేరాలకు సరే, పెద్ద వ్యాపారానికి లోహం కావాలి. పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో వెండి విద్ధాంక నాణేలు దొరికాయి. ఈ రకం నాణేనికి ప్రామాణిక బరువు 32 గురివింద గింజలు, సుమారు 3.4 గ్రాములు. వీటి మీద రాజు పేరు ఉండదు, గుర్తులే ఉంటాయి. చేతులు మారేటప్పుడు వర్తకులు పరీక్షించి కొట్టిన చిన్న ముద్రలు కూడా కొన్నింటి మీద కనిపిస్తాయి. ఇక్కడ పూచీ వెండిదే.

అదే చోట గోబద, సమగోప అనే రాజుల నాణేలూ, శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలూ బయటపడ్డాయి. గోబదుడి నాణెం మీద ప్రాకృతంలో ఉన్న మాటకు అర్థం 'రాజు గోబదుడిది' అని. ఇప్పుడు పూచీ రాజుది. పేరు చూసి తీసుకోవచ్చు, ప్రతిసారీ తూచే పని తగ్గుతుంది.

రాజు మారితే ఏమవుతుంది? నిజాం కాలంలో మన దగ్గర హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియాలో కల్దార్ చెల్లేవి. 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. కరీంనగర్ వ్యాపారి బొంబాయికి 100 కల్దార్ పంపాలంటే 100ను 7తో గుణించి 6తో భాగించాలి. 116 రూపాయలు, పైన రూపాయిలో మూడింట రెండు వంతులు వస్తుంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు కాబట్టి లెక్క 116 రూపాయల 10 అణాల 8 పైసలు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చాక 1918లో హైదరాబాద్ సంస్థానం కాగితం నోట్లు తెచ్చింది. కాగితానికి సొంత విలువ లేదు, విలువంతా ఖజానా మాటదే. ఆ ప్రభుత్వం పోయాక 1959లో హాలీ సిక్కా చెల్లుబాటూ పోయింది.

ఇప్పటి నోటు మీద 'చెల్లిస్తాను' అని రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం ఉంటుంది. రూపాయి నోటు మీద మాత్రం ఆ హామీ ఉండదు. దాన్ని జారీ చేసేది కేంద్ర ప్రభుత్వం, సంతకం ఆర్థిక కార్యదర్శిది.

చివరి దశ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఆదిలాబాద్‌లో ఒక పత్తి రైతుకు బ్యాంకు లక్ష రూపాయల పంట రుణం ఇచ్చిందనుకోండి. ఇంకొకరి ఖాతాలోంచి లక్ష తీసి ఇవ్వదు. తన పుస్తకంలో ఒకవైపు 'రైతు నుంచి రావాల్సింది లక్ష' అని, రెండోవైపు 'రైతు ఖాతాలో జమ లక్ష' అని రాస్తుంది. ఆ జమే కొత్త డబ్బు. రైతు విత్తనాల దుకాణానికి 40 వేలు పంపితే, దుకాణం ఖాతా వేరే బ్యాంకులో ఉంటే, ఆ 40 వేలు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిల్వల నుంచి కట్టాలి. పత్తి అమ్మి రైతు అసలు తీర్చగానే ఆ మేరకు డబ్బు మాయమవుతుంది. వడ్డీ బ్యాంకు ఆదాయం.

వానలు మొహం చాటేస్తే? అప్పు రాదు, కానీ దుకాణంవాడి ఖాతాలో చేరిన 40 వేలు అలాగే ఉంటాయి. వాటిని ఆ బ్యాంకు అడిగినప్పుడు ఇవ్వాల్సిందే. పత్తి లాంటి పంట రుణం రెండు పంట కాలాలు దాటినా తీరకపోతే మొండి బాకీ అవుతుంది, నష్టం అప్పిచ్చిన బ్యాంకు మూలధనం మీద పడుతుంది. అందుకే 'సీఆర్ఆర్ 4 శాతమైతే 25 రెట్లు పరపతి' అన్న సూత్రం పరీక్ష పేపర్లో సరిపోతుంది గానీ, నిజంలో బ్యాంకు చేయిని ఆపేవి దాని మూలధనం, అప్పు తీర్చగలవాడు దొరకడం.

కల్లంలో మేర కొలిచిన రైతూ, బ్యాంకు పుస్తకంలో ఉన్న రైతూ చేసింది ఒకటే: రాబోయే పంట మీద మాటివ్వడం. ఇంటర్వ్యూలో 'బ్యాంకు డబ్బును ఎలా సృష్టిస్తుంది?' అని అడిగితే ఆ పత్తి రైతు లక్షతో మొదలుపెట్టండి.