చెస్ట్‌కి 17 సెట్లు, తొడ వెనక కండకి 3

మన ఊళ్లలో ఏ జిమ్‌లో చేరినా మొదట చెప్పే చార్టు దాదాపు ఒకటే. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్స్, గురువారం లెగ్స్, శుక్రవారం ఆర్మ్స్. కండకి వారంలో ఒక్కసారే పని చెబితే చాలుతుందా అన్నదే దీని మీద జరిగే పెద్ద వాదన. నేనైతే అంతకంటే ముందు వారం మొత్తం మీద ఒక్కో కండకి ఎన్ని సెట్లు అందుతున్నాయో లెక్క చూడమంటాను.

బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి 2017లో ఒక విశ్లేషణ ప్రచురించింది. వారానికి సెట్లు పెరిగేకొద్దీ కండ కూడా ఎక్కువగా పెరుగుతోందని, 10 సెట్లు, ఆ పైన చేసినవారికి ఫలితం మెరుగ్గా ఉందని అందులో తేలింది. అప్పటి నుంచి కొంతకాలం సాధన ఉన్నవారికి కండకి 10 నుంచి 20 సెట్లు అన్నది వాడుకలోకి వచ్చింది. కొత్తగా చేరినవారికి అంతకంటే తక్కువ సరిపోతుంది.

లెక్కకి ముందు రెండు నియమాలు పెట్టుకోవాలి. వార్మప్ సెట్లు లెక్కలోకి రావు. ఇంకో రెండు మూడు రెప్స్‌కి మించి లేపలేను అనిపించే దగ్గర ఆపిన సెట్టే సెట్టు. రెండోది, బెంచ్ ప్రెస్ చేస్తే చెస్ట్‌తో పాటు ట్రైసెప్స్ కూడా పనిచేస్తుంది కాబట్టి అలా సాయపడే కండకి అర సెట్టు వేసుకోవాలి. ఇది ఉజ్జాయింపే, కానీ ఈ అర సెట్లు వదిలేస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

ఇప్పుడు ఒక మామూలు చార్టు తీసుకుందాం. సోమవారం ఫ్లాట్ బెంచ్ 4, ఇన్‌క్లైన్ 4, డిక్లైన్ 3, కేబుల్ ఫ్లై 3, పెక్ డెక్ 3. చెస్ట్‌కి 17. శుక్రవారం ట్రైసెప్స్‌కి నేరుగా 9 సెట్లే ఉన్నా, మూడు బెంచ్‌ల 11 సెట్లు, బుధవారం షోల్డర్ ప్రెస్ 4 సెట్లు సగం లెక్కన కలిపితే 16 దాటుతుంది. బ్యాక్ రోజు లాగుడు వ్యాయామాల వల్ల బైసెప్స్‌కీ అంతే. ఇక్కడికి చార్టులో లోటేమీ లేదు.

తేడా గురువారం బయటపడుతుంది. స్క్వాట్ 4, లెగ్ ప్రెస్ 3, లెగ్ ఎక్స్‌టెన్షన్ 3, లెగ్ కర్ల్ 3, కాఫ్ రెయిజ్ 3. ఒళ్లు హూనమైపోతుంది కాబట్టి కాళ్లకి బాగా పడిందనిపిస్తుంది. కానీ ఆ ఒక్క రోజూ తొడ ముందు కండ, వెనక కండ, పిరుదులు, పిక్కలు పంచుకోవాలి. ముందు కండకి 10 వచ్చాయి. వెనక ఉన్న హ్యామ్‌స్ట్రింగ్స్‌కి లెగ్ కర్ల్ 3 సెట్లే. స్క్వాట్‌లో అదీ పనిచేస్తుందిగా అంటారు. అయితే ఈ కండలో చాలా భాగం తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళుతుంది. స్క్వాట్‌లో పైకి లేచేటప్పుడు తుంటి దగ్గర కురచవుతూ మోకాలి దగ్గర సాగుతుంది, మొత్తం పొడవు పెద్దగా మారదు. అందుకే స్క్వాట్ల వల్ల అది అంతగా పెరగదు. పిక్కలకీ 3 సెట్లే. భుజం పక్క కండకి లేటరల్ రెయిజ్ 3, షోల్డర్ ప్రెస్ నుంచి 2 కలిపి 5. అదే భుజం ముందు కండకి ఫ్రంట్ రెయిజ్, ప్రెస్, బెంచ్‌లన్నీ కలిసి 12 దాటుతాయి.

చెస్ట్ 17లోనూ ఒక చిక్కుంది. ఒకే పూట అన్ని సెట్లు చేస్తే చివరివాటికి బలం మిగలదు. నోట్‌బుక్‌లో రెప్స్ రాసుకుంటే ఇది కనబడుతుంది. పెక్ డెక్ మీద 12 లేపే బరువుతో ఆ రోజు చివర 7 దగ్గరే ఆగిపోతే, ఆ సెట్లని ఇంకో రోజుకి మార్చడం మేలు. మొత్తం సెట్లు సమానంగా ఉన్నప్పుడు వారానికి ఒకసారా, రెండుసార్లా అన్నదానితో పెద్ద తేడా రాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అయినా రెండు రోజులకి పంచితే ప్రతి సెట్టూ బలంగా పడుతుంది.

కాబట్టి చార్టు పారేయక్కర్లేదు. పెక్ డెక్‌ని శుక్రవారానికి మార్చి, డిక్లైన్ తీసేస్తే చెస్ట్‌కి 14 మిగులుతాయి, అది సరిపోతుంది. సోమవారం ఖాళీ అయిన సమయంలో లెగ్ కర్ల్ 3 సెట్లు, గురువారం రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 3 సెట్లు చేరిస్తే హ్యామ్‌స్ట్రింగ్స్‌కి 9 అవుతాయి. బుధవారం ఫ్రంట్ రెయిజ్ బదులు లేటరల్ రెయిజే మరో 3, శుక్రవారం ఇంకో 3 వేస్తే భుజం పక్క కండకి 11. పిక్కలకి మంగళ, శుక్రవారాల్లో చివర మూడేసి సెట్లు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా చేసి నోట్‌బుక్ చూడండి. లెగ్ కర్ల్‌లో అదే బరువుకి రెప్స్ పెరుగుతుంటే ఆ సెట్లు చాలుతున్నట్టే. తిండి, నిద్ర సరిగ్గా ఉండి కూడా కదలకపోతే రెండు సెట్లు పెంచాలి. రెప్స్ తగ్గుతూ, నొప్పి తర్వాతి వంతు దాకా వదలకపోతే తగ్గించాలి.