ఫొటోలో చెరిగిన అంకె, రెండు విచలనాలు

పాఠ్యపుస్తకంలోని రోజు కూలి పట్టికను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే, అందుకున్నవాళ్లు ముందు అంకెలను సరిగ్గా చదవాలి. లెక్క ఆ తర్వాతే. కాగితం మడత పడ్డచోట 8 కాస్తా 3లా కనిపిస్తుంది. లైటు మెరుపు పడితే అంకె మొత్తానికే చెరిగిపోతుంది. ఉదాహరణకు 40 మంది కూలీల పట్టిక ఒకటి ఇలా ఉందనుకుందాం.

| రోజు కూలి (రూ.) | కూలీల సంఖ్య |
|---|---|
| 300–400 | 4 |
| 400–500 | 12 |
| 500–600 | 12 |
| 600–700 | 8 |
| 700–?00 | 4 |
| మొత్తం | 40 |

కూలీల సంఖ్యలన్నీ కూడితే 40 వస్తుంది. అడుగున అచ్చయిన మొత్తమూ అదే కాబట్టి ఆ వరుస మీద అనుమానం అక్కర్లేదు. 8ని 3గా చదివి ఉంటే మొత్తం 35 వచ్చి తప్పు అక్కడే దొరికేది. కూలి తరగతుల వైపు అలాంటి కాపలా లేదు. చివరి తరగతి 800 దగ్గర ఆగిందా, 900 దగ్గర ఆగిందా అన్నది ఫొటోలో తెలియడం లేదు. మిగతావన్నీ వంద వెడల్పున్నాయి గనక ఇదీ 800 అనుకోబుద్ధేస్తుంది. కానీ ఆదాయాల పట్టికల్లో చివరి తరగతిని వెడల్పుగా పెట్టడం మామూలే.

ఈ అనుమానంతోనే చతుర్థాంశ విచలనం కడదాం. కూలీలందరినీ తక్కువ కూలి నుంచి ఎక్కువ కూలికి వరుసలో నిలబెడితే, పావు వంతు దగ్గర నిలిచే 10వ మనిషి కూలి మొదటి చతుర్థాంశం. ముప్పావు దగ్గరి 30వ మనిషిది మూడోది. సంఖ్యలను పై నుంచి కూడుకుంటూ వస్తే 4, 16, 28, 36, 40. పదో మనిషి 400–500 తరగతిలో ఉన్నాడు. అతనికి ముందు తరగతిలో నలుగురు అయిపోయారు, ఈ తరగతిలోని 12 మందిలో అతను ఆరోవాడు. అంటే తరగతిలో సగం దూరం, 450 రూపాయలు. ముప్పయ్యో మనిషి 600–700లోని 8 మందిలో రెండోవాడు కనుక 625 రూపాయలు. ఈ రెండింటి తేడా 175, అందులో సగం 87.50 రూపాయలు. అదే చతుర్థాంశ విచలనం. చెరిగిన అంకె అవసరం ఎక్కడా పడలేదు.

మధ్యమ విచలనానికి మాత్రం అందరి లెక్కా కావాలి. ఒక్కో తరగతికి దాని మధ్య విలువను ప్రతినిధిగా తీసుకుంటాం: 350, 450, 550, 650, చివరిది 800 దాకా అనుకుంటే 750. వీటిని కూలీల సంఖ్యలతో గుణించి కూడితే 21,600. దాన్ని 40తో భాగిస్తే సగటు కూలి 540 రూపాయలు. ఇప్పుడు ఆ సగటుకు ఒక్కొక్కరు ఎంత దూరంలో ఉన్నారో చూడాలి. సగటుకు కిందివాళ్ల దూరాలు 190 చొప్పున నలుగురికి, 90 చొప్పున 12 మందికి, మొత్తం 1,840. పైవాళ్లవి 10, 110, 210 దూరాలు. వాటిని 12, 8, 4తో గుణించి కూడితే అదీ 1,840. రెండు వైపులా సమానంగా రాకపోతే ఎక్కడో కూడికో గుణకారమో తప్పిందన్నమాట. రెండూ కలిపిన 3,680ని 40తో భాగిస్తే మధ్యమ విచలనం 92 రూపాయలు.

అదే చివరి తరగతి 900 దాకా ఉంటే దాని మధ్య విలువ 800 అవుతుంది. సగటు 545కి, మధ్యమ విచలనం 96కి పెరుగుతాయి. విచిత్రమేమిటంటే ఈసారీ రెండు వైపుల దూరాలు 1,920 చొప్పున సరిగ్గా తూగుతాయి. ఆ పరీక్ష మన కూడికల్లో తప్పును పట్టుకుంటుంది, చదవడంలో తప్పును పట్టుకోలేదు. ఇంటికెళ్లి ఎన్నిసార్లు సరిచూసుకున్నా తప్పు బయటపడని చోటు ఇదే.

పుస్తకంలోనే చివరి తరగతిని ‘700, ఆపైన’ అని తెరిచి వదిలేస్తే మధ్య విలువే ఉండదు. అప్పుడు మధ్యమ విచలనం కట్టడానికి వీల్లేదు, ఏదో ఒక హద్దు ఊహించుకుంటే తప్ప. చతుర్థాంశ విచలనం నిక్షేపంగా వస్తుంది. అలాగని అదే మెరుగైన కొలత అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పై నలుగురికీ రోజుకు 2,000 రూపాయలు ముడుతున్నా అది 87.50 దగ్గరే నిలబడుతుంది. మేస్త్రీకీ కూలీకీ మధ్య ఎడం పెరిగిందా అని తెలుసుకోవాలనుకునేవారికి ఆ మౌనం పనికిరాదు.

కాబట్టి ప్రశ్న చతుర్థాంశ విచలనాన్నే అడిగితే ఈ ఫొటోతోనే పని జరిగిపోతుంది. మధ్యమ విచలనం అడిగితే మెరుపు పడకుండా ఇంకో ఫొటో పంపమనాలి. అది దొరక్కపోతే, జవాబు పక్కన ‘చివరి తరగతి 700–800గా తీసుకున్నాను’ అని రాసిపెట్టాలి.