ఐదుకు ఒకటి, ఇరవైకి ఒకటి

కో-ట్రైమాక్సజోల్ మాత్రల అట్ట మీద సల్ఫామెథాక్సజోల్ 400 మి.గ్రా., ట్రైమెథోప్రిమ్ 80 మి.గ్రా. అని ఉంటుంది. ఐదు పాళ్లకు ఒక పాలు. మాత్ర వేసుకున్నాక రక్తంలో కొలిస్తే అది దాదాపు ఇరవైకి ఒకటి అవుతుంది. ట్రైమెథోప్రిమ్ కొవ్వులో తేలిగ్గా కరిగి, రక్తం వదిలి కణజాలాల్లోకి ఎక్కువగా పాకిపోవడమే కారణం. చాలా బ్యాక్టీరియా మీద ఈ జంట బాగా పనిచేసేది ఆ ఇరవై పాళ్ల దగ్గరే. రెండు మందులూ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు పది గంటలు పడుతుంది కనుక ఆ పాళ్లు పెద్దగా చెదరవు. ఎన్నో సల్ఫా మందులుండగా సల్ఫామెథాక్సజోల్‌నే జతగా ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఈ రెండు మందులూ అడ్డుకునేది బ్యాక్టీరియాలో ఫోలేట్ తయారీని. మనం ఫోలేట్‌ను తిండి నుంచి తీసుకుంటాం. చాలా బ్యాక్టీరియా దాన్ని స్వయంగా తయారు చేసుకోవాలి. పాబా అనే చిన్న అణువును టెరిన్ అనే ముడిసరుకుతో కలపడం అందులో ఒక మెట్టు. పాబాను పోలిన సల్ఫా అక్కడ దాని చోటు ఆక్రమిస్తుంది. తర్వాత డైహైడ్రోఫోలేట్‌ను పనికొచ్చే టెట్రాహైడ్రోఫోలేట్‌గా మార్చే ఎంజైమును ట్రైమెథోప్రిమ్ పట్టుకుంటుంది. ఆ ఎంజైము మనలోనూ ఉంది. కానీ మన ఎంజైముకు ఈ మందు వేల రెట్లు బలహీనంగా అంటుకుంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే: ఒకే కాలువ మీద కింది తూము మూసేస్తే పైతూము మూయడం ఎందుకు? ఏ మందూ తూమును పూర్తిగా మూయలేదన్నది మొదటి జవాబు. సల్ఫా వల్ల డైహైడ్రోఫోలేట్ తగ్గితే ఎంజైము కోసం ట్రైమెథోప్రిమ్‌తో పోటీపడే సరుకు తగ్గుతుంది. రెండో జవాబు 2018లో వెలువడిన పరిశోధనది. టెట్రాహైడ్రోఫోలేట్ లేకపోతే ప్యూరిన్ల తయారీ కుంటుపడుతుంది. టెరిన్ పుట్టేది ప్యూరిన్ అయిన జీటీపీ నుంచే కాబట్టి పైమెట్టుకే ముడిసరుకు కరువై సల్ఫా పని సులువవుతుంది. అంటే ఒక మందు మరొకదానికి దారి చేస్తోంది. విడివిడిగా చాలాసార్లు బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడంతో సరిపెట్టే ఈ మందులు, కలిస్తే చంపగలగడం అందువల్లే.

చరిత్ర క్లుప్తంగా: 1935లో డోమాక్ సల్ఫా మందు ప్రోంటోసిల్ ఫలితాలు ప్రకటించారు. 1940లో వుడ్స్ పాబా పోటీని చూపారు. హిచింగ్స్ బృందం ట్రైమెథోప్రిమ్ తయారుచేసింది. 1960ల చివర జంట మందు వాడుకలోకి వచ్చింది. ఫోలేట్ రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

రెండు మందులుంటే నిరోధకత రాదన్న నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోలేం. సల్ఫాను తప్పించే జన్యువు, ట్రైమెథోప్రిమ్‌ను తప్పించే జన్యువు తరచూ ఒకే డీఎన్ఏ ముక్క మీద కలిసి ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేరతాయి. ఒక్క ట్రైమెథోప్రిమ్‌కే లొంగని చోట కూడా జంట బలం చాలావరకు పోతుంది. కాబట్టి కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవి లొంగుతుందని తేలినప్పుడే ఈ జంటను నమ్మవచ్చు.

జాగ్రత్తలు
సల్ఫా పడనివారు దీన్ని వాడకూడదు. మెథోట్రెక్సేట్ వాడేవారికి రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గవచ్చు. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు కనిపిస్తే వెంటనే మాత్ర ఆపి డాక్టర్‌ను కలవాలి.