పెళ్లి వాయిదా పడినప్పుడు అడ్వాన్సు తిరిగి కోరుతూ లేఖ

పెళ్లి తేదీ మారినప్పుడు మంటపం అలంకరించేవారికి ఇచ్చిన అడ్వాన్సు తిరిగి అడగడం ఇబ్బందికరమైన పని. తేదీ మార్చింది మీరు, వారు కాదు. కాబట్టి ఈ లేఖ ఫిర్యాదు లేఖ కంటే భిన్నంగా ఉంటుంది. ఎదుటివారి తప్పును ఎత్తిచూపడం దీని పని కాదు. వారికి నిజంగా జరిగిన నష్టాన్ని మినహాయించి మిగిలినది ఇమ్మని అడగడం దీని పని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మే 10న జరగవలసిన పెళ్లికి మంటపం, పూల అలంకరణ, లైటింగ్ కలిపి 1,80,000 రూపాయలకు మాట్లాడుకున్నారు. అడ్వాన్సుగా 60,000 ఇచ్చారు. ఏప్రిల్ 17న పెళ్లికూతురి నాయనమ్మ మరణించారు. మరునాడే వాయిదా సంగతి వాట్సాప్‌లో తెలియజేశారు. తరువాత అనువైన ముహూర్తం ఆగస్టు 21న కుదిరింది. ఆ రోజున అలంకరణదారుకు వేరే పెళ్లి ఉంది. డబ్బు అడిగితే ఆయన రసీదు వెనుక ముద్రించిన వాక్యం చూపించారు: “అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.”

ఈ వాక్యంతో విషయం ముగిసిపోదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దానిని మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే లభిస్తుంది. జరిమానాగా డిపాజిట్టును జప్తు చేసుకోవడానికీ ఈ సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1969లో మౌలా బక్స్ కేసులో చెప్పింది. అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఒప్పందానికి హామీగా ఇచ్చిన బయానా సమంజసమైన మొత్తమైతే దానిని వదులుకోవలసి రావచ్చు. మన ఉదాహరణలో మొత్తం ధరలో మూడో వంతు అడ్వాన్సుగా వెళ్లింది. అంత మొత్తాన్ని ఉంచుకోవడానికి నష్టమేమిటో అలంకరణదారు చూపాలని అడగడం న్యాయమే.

అసలు ప్రశ్న మే 10వ తేదీ గురించి. అది ముహూర్తపు రోజు. ఇరవై రెండు రోజుల ముందే ఖాళీ అయిన ఆ తేదీని ఆయన మరొకరికి ఇచ్చి ఉంటే, నష్టం చాలావరకు తీరినట్టే. ఎవరూ రాకపోతే ఆయన వాదనకు బలం వస్తుంది. కాబట్టి లేఖలో ఈ ప్రశ్న తప్పక ఉండాలి. చాలామంది దీనినే వదిలేసి, నాయనమ్మ మరణం గురించి పేరా అంతా రాస్తారు.

నమూనా చూడండి:

“అయ్యా,
మే 10న జరగవలసిన మా పెళ్లి అలంకరణ కోసం మార్చి 2న మీకు 60,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. రసీదు నకలు జతచేస్తున్నాను. కుటుంబంలో మరణం వల్ల పెళ్లి వాయిదా పడిందని ఏప్రిల్ 18న మీకు తెలియజేశాను. కొత్త తేదీ ఆగస్టు 21న మీకు వీలుకాదని మీరు చెప్పారు. అందువల్ల అడ్వాన్సు సర్దుబాటుకు అవకాశం లేదు.
పేర్లతో చేయించిన బోర్డుకు 6,500 రూపాయలు అయిందని మీరు చెప్పారు. దానిని మినహాయించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మే 10వ తేదీని మరొకరికి ఇచ్చారో లేదో, ఇతర ఖర్చులు ఏవైనా ఉంటే వాటి బిల్లులతో సహా తెలియజేయగలరు. అటువంటి ఖర్చులు లేకపోతే, మిగిలిన 53,500 రూపాయలను ఈ లేఖ అందిన 15 రోజులలోగా కింది ఖాతాకు పంపవలసిందిగా కోరుతున్నాను.
ఇట్లు,”

లేఖలో “రద్దు” అనే మాట ఎక్కడా లేదని గమనించండి. కొత్త తేదీ ముందుగా ఆయనకే ఇవ్వజూపారన్నది మీ పక్షాన ఉన్న గట్టి విషయం. “రద్దు చేసుకున్నాం” అని రాస్తే అది మరుగున పడుతుంది. ఫోనులో మొహమాటపడి “సరేలెండి, ఇంకో ఫంక్షన్‌కు వాడుకుంటాం” అని కూడా అనకండి. సర్దుబాటుకు మీరు ఒప్పుకున్నారని తరువాత ఆయన అనవచ్చు. “చీటింగ్ కేసు పెడతాం” అన్న బెదిరింపూ వద్దు. అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం దానంతటదే మోసం నేరం కాదు, ఆ మాటతో రాజీకి దారి మూసుకుపోతుంది.

రసీదు ఎవరి పేరున ఉందో వారే సంతకం చేయాలి. లేఖను స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదును, లేఖ నకలును దాచుకోండి. అదే లేఖను ఫొటో తీసి వాట్సాప్‌లోనూ పంపవచ్చు.

పదిహేను రోజులు గడిచినా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు దానిని దాఖలు చేయాలి. అక్కడ మీరు మొదట చూపవలసిన కాగితం ఈ లేఖే.