కిటుకంతా హారంలోనే

కడియంలో నర్సరీ నడిపే మా బావ పోయిన నెల ఒక నిర్ణయానికి వచ్చేశాడు. గులాబీ కొమ్మను ఎక్కడ కత్తిరించాలి, కత్తెర ఎంత వాలుగా పట్టాలి అని చూపిస్తూ ఆరేసి ఫొటోలతో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే పోస్టులు ఇక దండగని.

"వాటికి అరపూట పోతోంది బావా. తీరా చూస్తే నాలుగు శాతం. కాగితంపూల ఫొటో ఒకటి నీళ్లు పెడుతూ పెడుతూ తీసి పారేశాను, దానికి ఐదు శాతం. ఎక్స్‌లో మావాడు పెట్టినదానికైతే తొమ్మిది. ఇంకెందుకు ఈ ఇన్‌స్టా?" అన్నాడు.

శాతం అనగానే మనకు నమ్మకం కుదురుతుంది. పరీక్షలో తొంభై శాతమంటే ఎక్కడైనా తొంభయ్యే కదా! కానీ ఎంగేజ్‌మెంట్ రేటు అనే ఈ శాతం అలాంటిది కాదు. అదొక భిన్నం. పైన లవం, కింద హారం. పైన జనం చేసినవి ఉంటాయి: లైకులు, కామెంట్లు, షేర్లు, సేవ్‌లు. కింద ఏ అంకె వేయాలన్నది ఒక్కో వేదిక ఒక్కోలా తేల్చుకుంది. ఎక్స్, లింక్డిన్ పేజీలు చూపించే రేటులో కింద ఉండేది ఇంప్రెషన్లు, అంటే పోస్టు ఎన్నిసార్లు తెరమీదికి వచ్చిందన్న లెక్క. ఇన్‌స్టాగ్రామ్ 2024 ఆగస్టు నుంచి Views అన్న అంకెను ముందుకు తెచ్చింది. అదీ సార్ల లెక్కే. బావ తన నాలుగు శాతాన్నీ ఐదు శాతాన్నీ ఆ Views తో భాగించే తెచ్చుకున్నాడు.

రీచ్ అన్నది వేరు. అది ఎంతమందికి కనబడిందో చెబుతుంది. బావకు ఇలా చెప్పాను: "నీ నర్సరీ బోర్డు రోడ్డుమీద ఉంది కదా. రాజమండ్రి బస్సు డ్రైవరు రోజుకు నాలుగుసార్లు దాని ముందునుంచే పోతాడు. బోర్డు కనబడింది నాలుగుసార్లు, చూసిన మనిషి ఒక్కడు. నాలుగు ఇంప్రెషన్లు, ఒక రీచ్." ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ అంకె Accounts reached అన్న పేరుతో ఉంటుంది. పోస్టు కిందున్న View insights నొక్కి, కాస్త కిందికి జరిపితే కనబడుతుంది. బావ అంతదాకా ఎప్పుడూ వెళ్లలేదు.

ఇద్దరం అరుగుమీద కూర్చుని రెండు పోస్టుల అంకెలూ రాసుకున్నాం. లెక్క తేలిగ్గా ఉండాలని ఇక్కడ వాటిని కొంచెం రౌండు చేస్తున్నాను. గులాబీ పోస్టు 6,000 సార్లు తెరమీదికి వచ్చింది, 3,000 మందికి చేరింది. దానికి 150 లైకులు, 20 కామెంట్లు, 25 షేర్లు, 45 సేవ్‌లు, మొత్తం 240 వచ్చాయి. కాగితంపూల ఫొటో 2,600 సార్లు కనబడింది, 2,000 మందికి చేరింది. దానికి అన్నీ కలిపి 130.

సార్లతో భాగిస్తే గులాబీకి 4 శాతం, కాగితంపూలకు 5 శాతం. బావ చెప్పింది నిజమే. ఇప్పుడు కింది అంకె మార్చి చూద్దాం.

```
(likes + comments + shares + saves) ÷ reach × 100

గులాబీ:      240 ÷ 3000 × 100 = 8
కాగితంపూలు:  130 ÷ 2000 × 100 = 6.5
```

వరుస తిరగబడింది. లైకు ఒక్కటి పెరగలేదు, తగ్గలేదు. కింది అంకె మారేసరికి ఓడిందనుకున్న పోస్టు గెలిచింది.

ఇలా ఎందుకు జరిగిందో చూడాలంటే ఇంకో చిన్న భాగహారం చేయాలి. సార్లను మందితో భాగిస్తే సగటున ఒక్కొక్కరికి ఎన్నిసార్లు కనబడిందో తేలుతుంది. గులాబీ పోస్టు రెండుసార్లు, కాగితంపూలు 1.3 సార్లు. పూల ఫొటోను చూసినవాళ్లు బాగుందనుకుని ముందుకు పోతారు. కత్తిరింపు పాఠాన్ని దాచుకున్నవాళ్లు ఆదివారం పొద్దున్నే కత్తెర పట్టుకుని కుండీ ముందు నిలబడి మళ్లీ తెరుస్తారు. పైగా ఎక్కువ ఫొటోలున్న పోస్టును మొదటిసారి దాటేసినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ తరవాతి ఫొటో ముందుపెట్టి మళ్లీ చూపిస్తూ ఉంటుంది. రెండోసారి చూసిన మనిషి మళ్లీ లైకు కొట్టలేడు. ఒకసారే కొట్టే వీలుంది. అంటే ప్రతి మలిచూపూ హారాన్ని పెంచుతుంది, లవాన్ని మాత్రం పెంచదు. జనం తిరిగి తిరిగి చూసేంత పనికొచ్చే పోస్టుకు, ఆ పనికిరావడమే శిక్ష అవుతోందన్నమాట. రీచ్‌తో భాగిస్తే ఆ శిక్ష ఉండదు.

ఇక ఎక్స్‌లో వచ్చిన తొమ్మిది శాతం. ఇక్కడ కింది అంకెతో పాటు పైదాన్నీ అనుమానించాలి. అవే గులాబీ ఫొటోల్లో నాలుగు అక్కడ పెట్టారు. 1,800 ఇంప్రెషన్లు, 162 ఎంగేజ్‌మెంట్లు, అంటే 9 శాతం. ఆ 162 ఏమిటని విడదీస్తే లైకులు 22, జవాబులు 4, రీపోస్టులు 8. ఇవి 34. మిగతా 128 లో 110 పోస్టును నొక్కి పూర్తిగా తెరిచి చూసినవి, 18 బావ ప్రొఫైల్ మీద నొక్కినవి. పోస్టుమీద ఎక్కడ వేలు పెట్టినా ఎక్స్ దాన్ని ఎంగేజ్‌మెంట్ కిందే రాస్తుంది. ఫొటో చిన్నగా ఉందని పెద్దది చేసి చూసినా ఒకటే, "ఈ మొక్క ఎంతండీ?" అని అడిగినా ఒకటే. లింక్డిన్ పేజీల్లోనూ క్లిక్కులు పైనే కలుస్తాయి. బావ ఇన్‌స్టాగ్రామ్ లెక్కలో క్లిక్కులు లేవు, సేవ్‌లు ఉన్నాయి. ఒక కొట్లో సంచితో సహా తూచి, ఇంకో కొట్లో సంచి తీసేసి తూచి, ఏది బరువని అడిగినట్టుంది వ్యవహారం.

కాబట్టి వేదికల మధ్య పోల్చాలంటే ముందు పైఅంకెను సమం చేయాలి. అన్నిచోట్లా ఉండేవి మూడే: లైకు, కామెంటు, షేరు. ఆ తరవాత కింద రీచ్ వేయాలి. కానీ మామూలు పోస్టులకు ఎక్స్ రీచ్ చూపించదు, సార్లే చెబుతుంది. అలాంటప్పుడు రీచ్‌ను ఊహించి వేయకూడదు. ఎక్స్‌తో పోల్చే ఆ ఒక్క లెక్కకు రెండువైపులా సార్లనే తీసుకోవాలి. ఎక్స్‌లో 34 ను 1,800 తో భాగిస్తే సుమారు 1.9 శాతం. ఇన్‌స్టాగ్రామ్‌లో సేవ్‌లు తీసేస్తే 195 మిగిలాయి, 6,000 తో భాగిస్తే 3.25 శాతం. తొమ్మిదికి నాలుగు అనుకున్నది కాస్తా రెండుకు మూడు పైచిలుకు అయింది, అదీ తలకిందులుగా.

ఫేస్‌బుక్‌తో ఆ ఇబ్బంది లేదు. అక్కడ Reach అనో Viewers అనో మనుషుల లెక్క దొరుకుతుంది. అదే గులాబీ పోస్టు అక్కడ 4,500 మందికి చేరింది, మూడూ కలిపి 180 వచ్చాయి. 4 శాతం. సేవ్‌లు తీసేసిన ఇన్‌స్టాగ్రామ్ లెక్క 195 ను 3,000 తో భాగిస్తే 6.5 శాతం.

హారం సమం చేశాక కూడా తేడా ఉంది. ఇది మాత్రం నిజమైన తేడా, కొలతలో తప్పు కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పోస్టును చూసినవాళ్లలో ఎక్కువమంది బావ పేజీని అనుసరించేవాళ్లే, మొక్కల పిచ్చి ఉన్నవాళ్లే. ఫేస్‌బుక్‌లో ఎవరో మిద్దెతోటల గ్రూపులో పంచుకుంటే, బావ పేరైనా తెలియనివాళ్ల దాకా పోయింది. కొత్తవాళ్లు చూస్తారు, వెంటనే లైకు కొట్టరు. ఏ వేదికలోనైనా పోస్టు తెలిసినవాళ్లను దాటి తెలియనివాళ్లలోకి పోయేకొద్దీ రేటు తగ్గుతుంది. అందుకే రేటును రీచ్ పక్కన పెట్టుకుని చదవాలి. 200 మందిలో 10 శాతం అంటే 20. 4,500 మందిలో 4 శాతం అంటే 180. బావకు మొక్కల ధర అడుగుతూ వచ్చిన కామెంట్లు ఫేస్‌బుక్‌లోనే ఎక్కువ.

"అయితే ఆ రీచ్‌లన్నీ కలిపేస్తే నన్ను మొత్తం ఎంతమంది చూశారో తెలుస్తుందిగా?" అని అడిగాడు బావ. తెలియదు. గులాబీని చూసిన 3,000 మందిలో చాలామంది కాగితంపూలను చూసిన 2,000 మందిలోనూ ఉంటారు. కలిపి 5,000 మంది అంటే అదే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. నెల మొత్తానికి ఎంతమంది చూశారో కావాలంటే వేదికే ఆ నెలకు విడిగా చూపించే రీచ్ అంకెను తీసుకోవాలి.

రీచ్‌కూ దాని లోపాలు దానికున్నాయి. అది లెక్కపెట్టేది ఖాతాలను. మొగుడూ పెళ్లాం ఒకే ఫోనులో చూస్తే ఒకటి, ఒక్కడే రెండు ఖాతాలు పెట్టుకుంటే రెండు. వేదికలు ఇచ్చేదీ అంచనా అంకే. పైగా తెరమీద కనబడిందంటే చదివారని కాదు. ఒక్కరే లైకు కొట్టి, సేవ్ చేసి, కామెంటు పెడితే పైన మూడు పడతాయి కనుక, 8 శాతం అంటే నూటికి ఎనిమిదిమంది అనీ అనుకోకూడదు. డబ్బు కట్టి బూస్ట్ చేసిన పోస్టును మామూలు పోస్టు పక్కన నిలబెట్టకూడదు. దాని రీచ్ కొనుక్కున్నది. నిన్న పెట్టినదాన్నీ నెల కిందట పెట్టినదాన్నీ పోల్చకూడదు. రెండింటికీ వారం నిండిన రోజు అంకెలే తీసుకోవాలి.

పాత ఏడాదితో పోల్చేటప్పుడు ఇంకో చిక్కుంది. హారం అర్థాన్ని వేదికలే మార్చేస్తుంటాయి. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో ఆడటం మొదలైతే చాలు, మళ్లీ ఆడినా సరే, వ్యూ కింద రాస్తున్నారు. ఎన్ని క్షణాలు చూశారన్న షరతు లేదు. పాత పద్ధతి లెక్కను Engaged views అని వేరే పేరుతో ఉంచారు. ఆ తేదీకి అటొక వీడియో, ఇటొక వీడియో పెట్టి వ్యూలతో భాగిస్తే, కొత్తది చప్పబడిందనిపిస్తుంది. చప్పబడింది వీడియో కాకపోవచ్చు, హారం ఉబ్బి ఉండొచ్చు.

బావ ఇప్పుడు ఎరువుల పద్దు పుస్తకంలోనే వెనక పేజీలు గీసుకున్నాడు. వేదికకో పేజీ. వారం నిండిన రోజు తేదీ, రీచ్, పైఅంకె, శాతం. ఎక్స్ పేజీలో మాత్రం రీచ్ గడి కొట్టేసి "సార్లు" అని రాసుకున్నాడు. గులాబీ తరవాత మందారం కత్తిరింపు పెట్టాడు, మళ్లీ ఆరు ఫొటోలతో.

"చిన్నప్పుడు లెక్కల మాస్టారు హారం హారం అంటుంటే పూలదండ గురించి అనుకునేవాణ్ణి బావా" అన్నాడు పుస్తకం మూస్తూ. పూలమ్మేవాడికి ఆ రెండు హారాలూ కావాల్సినవే.