అగ్గిపెట్టె లేబుళ్ళు: ఏ నకలు ఉంచాలి?

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల అగ్గిపెట్టె లేబుళ్ళను మీరు స్కాన్ చేసి దాచారనుకోండి. ఒకే లేబుల్ రెండు మూడుసార్లు చేరిపోతుంది. వీటిని పట్టే పద్ధతి పేరు పర్సెప్చువల్ హ్యాష్. అందులో ఒక తీరు ఇది: కంప్యూటరు బొమ్మ రంగులు తీసివేసి, 9 గడుల వెడల్పు, 8 గడుల ఎత్తుకు కుదిస్తుంది. ప్రతి గడి తన కుడిపక్క గడికంటే వెలుగుగా ఉందా అని చూస్తుంది. వరుసకు 8 పోలికలు, 8 వరుసలకు 64 అవును-కాదు గుర్తులు. రెండు బొమ్మల మధ్య నాలుగైదు గుర్తులే తేడా వస్తే, అవి బహుశా నకళ్ళే.

కాని అదే కోడిపుంజు బొమ్మమీద వేరే కంపెనీ పేరు ఉండవచ్చు. ఆ చిన్న అక్షరాలు కుదించిన గడుల్లో నిలవవు. అందుచేత చెరిపేముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి పేరు చదవండి. నకళ్ళేనని తేలితే, సైజు చూసి మోసపోకండి. చిన్నదాన్ని సాగదీసినా సైజు పెరుగుతుంది. అంచులు తెగక, అక్షరాలు తేటగా ఉన్నదాన్నే ఉంచండి.